ఒక ఆఫర్ చేతికొచ్చి, ఇంకో ఇంటర్వ్యూ ఫలితం రావాల్సి ఉన్నప్పుడు గడువు అడిగే పద్ధతి

హనుమకొండ, కాజీపేట వైపు నుంచి హైదరాబాద్ కంపెనీలకు ప్రయత్నిస్తున్న పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఒక కంపెనీ ఆఫర్ లెటర్ పంపి నాలుగు రోజుల్లో జవాబు చెప్పమంటుంది. అంతకంటే నచ్చిన ఇంకో కంపెనీలో ఆఖరి రౌండ్ అయిపోయి ఉంటుంది, ఫలితం మాత్రం రాదు. మొదటి కంపెనీకి కోపం రాకుండా, ఆఫర్ చేజారకుండా ఇంకొన్ని రోజులు అడగడం ఎలా?

ఒకటి రెండేళ్ల అనుభవంతో ఉద్యోగం చేస్తూ మారాలనుకునే వారిని దృష్టిలో పెట్టుకొని ఈ వరుస రాస్తున్నాను. మొదటి కంపెనీని కచ్చితమైన ఒక తేదీ అడగాలి, ఆ తేదీ రెండో కంపెనీ చెప్పిన మాటలోంచి రావాలి. చాలామంది ఈ వరుసను తిరగేసి, ముందు మొదటి కంపెనీని "కొంచెం టైమ్ ఇవ్వండి" అని అడిగి, ఆ తర్వాత రెండో కంపెనీకి ఫోన్ చేస్తారు. అప్పుడు అడిగిన గడువు చాలక మళ్లీ అడగాల్సి వస్తుంది, రెండోసారి అడిగితే ఒప్పుకునే హెచ్ఆర్ అరుదు.

## 1. లెటర్‌లోని తేదీలు చదవండి

ఆఫర్ లెటర్ రాగానే అందరి కళ్లూ జీతం పట్టిక మీదికి పోతాయి. గడువు సంగతికి కావలసినవి వేరే చోట, సాధారణంగా చివరి పేజీలో సంతకం పెట్టే చోటికి పైన ఉంటాయి.

- జవాబు చెప్పవలసిన ఆఖరి తేదీ. "మూడు రోజుల్లోగా" అని మాత్రమే ఉంటే, మీరు మెయిల్ తెరిచిన రోజు నుంచి కాకుండా లెటర్ మీద ఉన్న తేదీ నుంచి లెక్కపెట్టుకోవడం క్షేమం.
- చేరవలసిన తేదీ. మీ నోటీస్ పీరియడ్ అరవై రోజులో తొంభై రోజులో అయితే, జవాబు ఆలస్యమైనన్ని రోజులు చేరడం కూడా ఆలస్యమవుతుంది.
- పోర్టల్ లింక్ గడువు. కంపెనీ సైట్‌లోకి వెళ్లి అంగీకారం నొక్కే పద్ధతి అయితే, ఆ లింక్ తనంతట తానే మూసుకుపోయే సమయం విడిగా ఉండవచ్చు.

ఏ తేదీ లేకపోతే ఎంతకాలమైనా ఆగవచ్చని అనుకోకండి, ఆఖరి తేదీ ఏమిటో మెయిల్‌లో అడగండి.

చట్టం సంగతి కొంత తెలిసి ఉండాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, ఒక ప్రతిపాదనకు అంగీకారం తెలియజేయక ముందు దాన్ని వెనక్కి తీసుకునే హక్కు ప్రతిపాదించిన వారికి ఉంటుంది. 6వ సెక్షన్ ప్రకారం చెప్పిన గడువు దాటితే ప్రతిపాదన రద్దవుతుంది. అంటే బుధవారం దాకా ఆగుతామని హెచ్ఆర్ రాసిచ్చినా, మీరు ఇంకా ఒప్పుకోలేదు కనుక, మంగళవారమే ఆఫర్‌ను వెనక్కి తీసుకోవడం సాధ్యమే. మర్యాదగల కంపెనీలు అలా చేయడం తక్కువ, అయినా గడువు అడిగే ప్రతివారూ ఈ నష్టానికి మనసులో చోటిచ్చే అడగాలి.

## 2. అందిన రోజే జవాబు రాయండి, అందులో అంగీకారం ఉండకూడదు

మౌనంగా ఉండి నాలుగో రోజు గడువు అడిగేవారి మీద హెచ్ఆర్‌కు అనుమానం వస్తుంది. అదే రోజు రెండు వాక్యాల మెయిల్ పంపండి: లెటర్ అందింది, ధన్యవాదాలు, పూర్తిగా చదివి ఫలానా రోజులోగా మాట్లాడతాను.

ఇక్కడ మాటలు జాగ్రత్తగా వాడాలి. "ఈ అవకాశం తీసుకోవడం సంతోషంగా ఉంది, కొంచెం సమయం కావాలి" అని రాస్తే మొదటి సగం ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. వాట్సాప్‌లో హెచ్ఆర్ "కన్ఫర్మ్ కదా?" అని అడిగితే బొటనవేలి గుర్తు పెట్టి వదిలేయకండి. "లెటర్ చదువుతున్నాను, జవాబు మెయిల్‌లో ఇస్తాను" అని రాయండి.

ఈ దశలో మీ ప్రస్తుత కంపెనీలో రాజీనామా ఊసెత్తవద్దు.

## 3. గడువు అడగకముందే రెండో కంపెనీకి ఫోన్ చేయండి

మొత్తం పనిలో ముఖ్యమైన మెట్టు ఇదే, అందరూ సంకోచించేదీ ఇక్కడే. ఫలితం గురించి అడిగితే తొందరపడుతున్నామని అనుకుంటారేమో అన్న భయం ఉంటుంది. నిజానికి చేతిలో ఒక ఆఫర్ ఉందనీ దానికి ఆఖరి తేదీ ఉందనీ తెలిస్తే, ఆ రిక్రూటర్ మీ ఫైలును మేనేజర్ ముందు పెట్టడానికి ఒక కారణం దొరుకుతుంది. ఆ మాట మీరు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు.

ఫోన్‌లో ఇలా మాట్లాడవచ్చు:

"నమస్తే మేడమ్, గత మంగళవారం ఆఖరి రౌండ్‌కు హాజరయ్యాను. నాకు ఇంకో చోట రాతపూర్వకంగా ఆఫర్ వచ్చింది, సోమవారంలోగా జవాబు చెప్పాలి. మీ దగ్గర పని చేయాలనే నాకు ఎక్కువ ఆసక్తి ఉంది, అందుకే ముందు మీకు చెబుతున్నాను. నా విషయం ఇప్పుడు ఏ దశలో ఉంది, ఎప్పటిలోగా తెలియవచ్చు?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి, రెండింటికీ జవాబు రాబట్టాలి. జవాబును బట్టి మీ అడుగు మారుతుంది.

"ప్యానెల్ ఓకే అంది, ఆమోదం కోసం పంపాం" అంటే ఎంపిక దాదాపు జరిగినట్టే, జీతానికీ బడ్జెట్‌కూ పై సంతకం మిగిలింది. దీనికి కొద్ది రోజులు పట్టవచ్చు. దీనికోసం గడువు అడగడం సబబు.

"ఇంకా కొందరిని ఇంటర్వ్యూ చేస్తున్నాం" అంటే మీరు వరుసలో ఉన్నారు, మొదటి స్థానంలో ఉన్నారో లేదో తెలియదు. ఏ రోజుతో ఇంటర్వ్యూలు పూర్తవుతాయో అడగండి. రోజు చెప్పగలిగితేనే గడువు అడగండి.

"పొజిషన్ హోల్డ్‌లో ఉంది", "చెబుతాం లెండి" లాంటి జవాబులొస్తే దాన్ని నమ్ముకొని చేతిలోని ఆఫర్‌ను ప్రమాదంలో పెట్టడం నా ఉద్దేశంలో తప్పు. అలాగే ఇంకా రెండు రౌండ్లు మిగిలి ఉన్న చోటును ఈ లెక్కలోకి తీసుకోకండి.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవారు ఒక మాట గమనించాలి. మీరు చేరితేనే వారికి కమీషన్, కనుక "తప్పకుండా వస్తుంది, ఆ ఆఫర్ వదిలేయండి" అనే మాట వారి నోట వినిపిస్తే దాన్ని కంపెనీ మాటగా తీసుకోకూడదు. కంపెనీ హెచ్ఆర్ నుంచి మెయిల్ ఇప్పించమని కోరండి.

## 4. అడగవలసిన తేదీని లెక్కకట్టండి

రెండో కంపెనీ చెప్పిన రోజుకు ఒక పనిదినం కలపండి. మంగళవారం అంటే బుధవారం సాయంత్రం అడగాలి. చెప్పిన రోజున సాయంత్రం ఆరు తర్వాత మెయిల్ రావడం మామూలు, చదివి ఇంట్లో మాట్లాడుకోవడానికి ఒక రాత్రి కావాలి.

మొదటి గడువుకు పైన రెండు నుంచి ఐదు పనిదినాలు అడిగితే చాలాచోట్ల వింటారు. రెండు వారాలు అడిగితే, మీకు ఈ ఉద్యోగం ఇష్టం లేదన్న అర్థమే వారికి చేరుతుంది, వాళ్లు వెయిటింగ్‌లో ఉన్న ఇంకో అభ్యర్థితో మాట్లాడడం మొదలుపెడతారు. దసరా, బతుకమ్మ రోజులైతే సెలవులను విడిచి లెక్కపెట్టండి, ఎందుకంటే ఆమోదం ఇవ్వవలసిన మేనేజర్ కూడా ఊరికి వెళ్లి ఉంటారు.

## 5. ముందు ఫోన్, గంటలోపు మెయిల్

గడువు ముగియడానికి కనీసం ఒక పూర్తి పనిదినం ముందు, పొద్దున పదకొండు, పన్నెండు మధ్య ఫోన్ చేయండి. హెచ్ఆర్ తన పైవారిని అడిగి సాయంత్రానికి చెప్పే వీలుంటుంది. ఆఖరి గంటలో అడిగితే ఒప్పుకోవాలని ఉన్నా ఒప్పుకోలేరు.

సంభాషణ ఇంత చిన్నదిగా ఉంటే చాలు:

"సర్, ఆఫర్ లెటర్ పూర్తిగా చదివాను, పని గురించీ టీమ్ గురించీ నాకు సందేహాలేమీ లేవు. జవాబుకు సోమవారం గడువిచ్చారు. నేను ముందే హాజరైన ఒక ఇంటర్వ్యూ ఫలితం వచ్చే మంగళవారం తెలుస్తుంది. అది కూడా చూసుకొని మీకు బుధవారం సాయంత్రం ఐదింటిలోగా అవుననో కాదనో కచ్చితంగా చెబుతాను. అప్పటిదాకా ఆగగలరా?"

వేరే ఇంటర్వ్యూ ఉందని చెప్పాలా వద్దా అన్నది అందరికీ వచ్చే సందేహం. చెప్పడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే హెచ్ఆర్‌కు అది కొత్త సంగతి కాదు, తేదీకి ఒక కారణం కూడా కనిపిస్తుంది. అనారోగ్యం, పెళ్లి లాంటి కల్పించిన కారణాలు చెబితే తర్వాతి ఫోన్‌లో వాటి వివరాలడుగుతారు, అక్కడ మాట తడబడుతుంది. ఇంట్లో నిజంగానే మాట్లాడుకోవలసి ఉంటే ఆ మాట కూడా చెప్పండి.

"ఏ కంపెనీ?" అని అడిగితే, "ఆ పేరు బయటపెట్టడం సబబు కాదు సర్, మీ ఆఫర్ గురించి వాళ్లకూ నేను పేరు చెప్పలేదు" అనండి. "ఇంకో యాభై వేలు పెంచితే ఇప్పుడే ఒప్పుకుంటారా?" అని అడిగితే అక్కడికక్కడే అవునని అనకండి. రాతలో పంపమనండి.

మెయిల్‌లో ఉండవలసినవి ఇవి:

- ఫోన్‌లో మాట్లాడిన రోజు, సమయం.
- పాత గడువు, మీరు కోరిన కొత్త తేదీ, గంటతో సహా.
- ఆ సమయానికి తప్పకుండా జవాబు ఇస్తానన్న మాట.
- చేరే తేదీ మారదనో, ఇన్ని రోజులు మారుతుందనో స్పష్టత.
- "ఈ కొత్త తేదీని మెయిల్ ద్వారా ధ్రువీకరించగలరు, పోర్టల్ లింక్ గడువును కూడా పొడిగించగలరు" అన్న వినతి.

జీతం బేరాన్ని ఈ మెయిల్‌లో కలపకండి. పైన చెప్పిన చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం షరతులు లేకుండా ఉండాలి. సమయం అడగడం ఒక విచారణ మాత్రమే, అడిగినంత మాత్రాన ఆఫర్ పోదు. "పన్నెండు లక్షలు ఇస్తే చేరతాను" అని రాస్తే అది మీ వైపు నుంచి కొత్త ప్రతిపాదన అవుతుంది, దాంతో పాత ఆఫర్‌ను మీరు తోసిపుచ్చారని అవతలివారు అనగలరు. బేరం ఉంటే గడువు ఖాయమయ్యాక విడిగా మాట్లాడండి.

## 6. వచ్చిన జవాబును బట్టి చేయవలసినది

ఒప్పుకుంటే: ధ్రువీకరణ మెయిల్ వచ్చేదాకా గడువు పెరిగినట్టు లెక్కపెట్టవద్దు.

సగమే ఇస్తే: తీసుకోండి, మళ్లీ బేరమాడకండి. వెంటనే రెండో కంపెనీకి కొత్త తేదీ చెప్పండి.

కుదరదంటే: పాత గడువుకే నిర్ణయం తీసుకోవాలి. రెండో కంపెనీ రాతలో ఏమీ ఇవ్వకపోతే, మొదటి ఆఫర్ ఒక్కటే ఉన్నట్టు అనుకొని చూడండి, అదొక్కటే ఉంటే చేరతారా అని. చేరతారంటే ఒప్పుకోండి.

జవాబే రాకపోతే: మౌనాన్ని అంగీకారంగా తీసుకోకండి. గడువు రోజు మధ్యాహ్నం పన్నెండులోపు మళ్లీ ఫోన్ చేయండి. అప్పటికీ దొరకకపోతే పాత గడువే గడువు.

"ఇప్పుడు ఒప్పుకోండి, చేరడానికి రెండు నెలలుంది కదా, తర్వాత చూసుకోండి" అంటే: ఈ మాట వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఒప్పుకున్న తర్వాత వెనక్కి తగ్గితే ఆ కంపెనీ రికార్డులో మీ పేరు అలాగే ఉంటుంది, అక్కడి రిక్రూటర్ రేపు ఇంకో కంపెనీకి మారుతారు. మనస్ఫూర్తిగా చేరే ఉద్దేశం ఉంటేనే ఒప్పుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఒప్పుకునే ముందు లెటర్‌లో చేరకపోతే చెల్లించవలసిన మొత్తం, బాండ్, ఒరిజినల్ సర్టిఫికెట్ల అప్పగింత లాంటి షరతులున్నాయేమో చూడండి.

## 7. ఒక ఉదాహరణ, మొదటి నుంచి చివరి దాకా

మడికొండలోని ఒక ఆఫీసులో రెండేళ్లుగా టెస్టింగ్ పని చేస్తున్న అమ్మాయి విషయం చూద్దాం. ఆమె నోటీస్ పీరియడ్ అరవై రోజులు. గురువారం సాయంత్రం హైదరాబాద్ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, సోమవారం సాయంత్రం ఆరింటిలోగా పోర్టల్‌లో అంగీకరించాలి. జీతం ఇంకొంచెం ఎక్కువ వచ్చే రెండో కంపెనీలో ఆఖరి రౌండ్ అంతకుముందు మంగళవారం పూర్తయింది.

ఇంట్లో నాన్న మాట ఒక్కటే: "చేతికొచ్చిన నౌకరి ఇడిచిపెట్టుకుంటవా బిడ్డా?" ఆయన భయంలో న్యాయముంది, అందుకే వదులుకోవడం లేదనీ రెండు రోజులు అడుగుతున్నాననీ ఆమె ఆయనకు విడమరిచి చెప్పింది.

శుక్రవారం పదకొండుకు ముందుగా రెండో కంపెనీకి ఫోన్ చేసింది. ప్యానెల్ సరేనందనీ, మంగళవారం బడ్జెట్ ఆమోదం వస్తుందనీ అక్కడి రిక్రూటర్ చెప్పారు. ఆ మాటను పట్టుకొని పన్నెండుకు మొదటి కంపెనీని బుధవారం ఐదింటిదాకా అడిగింది. సాయంత్రానికి జవాబు వచ్చింది: మంగళవారం ఆరు దాకా మాత్రమే. ఆమె సరేనంది.

ఫోన్ తర్వాత పంపిన మెయిల్‌లో లింక్ సంగతి కూడా అడగడం ఆమెకు కలిసొచ్చింది. హెచ్ఆర్ గడువు పెంచారు గాని సిస్టమ్‌లో పాత సమయమే ఉంది. సోమవారం సాయంత్రం ఆరు దాటగానే లింక్ తెరిస్తే కాలం చెల్లిందని చూపించింది. వెంటనే ఆ తెర ఫొటోను, గడువు ధ్రువీకరించిన మెయిల్‌ను జతచేసి పంపితే మంగళవారం పొద్దున కొత్త లింక్ వచ్చింది. మెయిల్ లేకుండా ఫోన్ మాట మాత్రమే ఉండి ఉంటే, గడువు దాటినట్టు సిస్టమ్ చూపించిన దానికి ఎదురుచెప్పే ఆధారం ఆమె దగ్గర ఉండేది కాదు.

మంగళవారం పొద్దున రెండో కంపెనీకి మళ్లీ చెప్పింది: "ఇవాళ ఆరింటికి నేను జవాబు ఇవ్వాలి. మూడింటిలోగా అవునో కాదో చెప్పగలిగితే మేలు." మూడున్నరకు ఫోన్ వచ్చింది: "మీరు సెలెక్ట్ అయ్యారు, లెటర్ ఈ వారంలో వస్తుంది." ఆమె హోదా, వార్షిక జీతం, చేరే తేదీ, ఈ మూడూ ఒక మెయిల్‌లో రాసి పంపమని కోరింది. ఆమోదం సంతకం రాలేదు కనుక రాతలో ఇవ్వలేమన్నారు.

నోటిమాటకు, సంతకం కావలసిన లెటర్‌కు మధ్య చాలా ఆగిపోవచ్చు. బడ్జెట్ ఆమోదం రాకపోతే రిక్రూటర్ చేయగలిగింది ఏమీ ఉండదు. ఆమె ఐదున్నరకు మొదటి ఆఫర్‌ను అంగీకరించి, రెండో కంపెనీకి మర్యాదగా తప్పుకుంటున్నానని రాసింది. జీతంలో తేడా చాలా ఎక్కువైతే ఆగేదాన్నేమోనని ఆమె తర్వాత అంది. ఎంత తేడాకు ఎంత ప్రమాదం తీసుకోవచ్చునన్నది ఇంటి పరిస్థితిని బట్టి ఎవరికి వారు తేల్చుకోవలసిందే, కాని ఆ లెక్క ఆఖరి గంటలో కాక శుక్రవారమే వేసుకొని ఉంచుకోవాలి.

## 8. క్యాంపస్, ప్రభుత్వ ఫలితాలు

క్యాంపస్ ద్వారా వచ్చిన ఆఫర్ అయితే కంపెనీకి నేరుగా రాయకండి. చాలా కాలేజీల్లో ఒక ఆఫర్ వచ్చాక మిగతా డ్రైవ్‌లకు అనుమతి ఉండదు, ఆ నియమం తెలుసుకొని ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ద్వారానే అడగాలి.

టీజీపీఎస్సీ లాంటి ప్రభుత్వ నియామకాల ఫలితాల కోసం గడువు అడగడంలో అర్థం లేదు. నోటిఫికేషన్ నుంచి నియామక పత్రం దాకా నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది, ఏ ప్రైవేటు కంపెనీ అంతకాలం ఆగదు. అలాంటప్పుడు ఆఫర్ ఒప్పుకొని, నోటీస్ పీరియడ్ ఎంత, బాండ్ ఉందా అన్నవి చూసుకోవడమే చేయదగింది.

## 9. నిర్ణయమైన రోజు

- మీరు చెప్పిన గంటకు ముందే జవాబు ఇవ్వండి. ఫలితం రాకపోయినా, మళ్లీ గడువు అడగకుండా, అవునో కాదో చెప్పండి.
- ఒప్పుకుంటే పోర్టల్‌లో నొక్కడంతో ఆపకుండా, హెచ్ఆర్‌కు మెయిల్ కూడా పంపి అందినట్టు జవాబు తీసుకోండి.
- పోర్టల్‌లోని అంగీకారం తేదీతో సహా కనిపించే పేజీని, సంతకం చేసిన లెటర్‌ను మీ సొంత మెయిల్‌కు పంపుకోండి, ఆఫీసు మెయిల్‌కు వద్దు.
- వద్దనుకున్న కంపెనీకి అదే రోజు రెండు వాక్యాల్లో రాయండి. కారణాల చిట్టా అక్కర్లేదు, వాళ్ల సమయానికి ధన్యవాదం చాలు.
- ఇవన్నీ పూర్తయ్యి, చేరే తేదీతో కూడిన ధ్రువీకరణ మెయిల్ చేతికొచ్చిన తర్వాతే ప్రస్తుత కంపెనీలో రాజీనామా ఇవ్వండి. నోటీస్ రోజుల లెక్క అప్పటి నుంచే మొదలవుతుంది కనుక, చేరే తేదీ దానికి సరిపోతుందో లేదో ముందుగానే ఒకసారి కలిపి చూసుకోండి.